64 డాలర్ల దగ్గర ఆగాలా, అమ్మాలా?

ఒక కంపెనీ షేరు 100 డాలర్లు ఉన్నప్పుడు ఒకావిడ దాని మీద పుట్ ఆప్షన్ కొన్నారనుకుందాం. గడువు ఏడాదిన్నర. ఈలోగా షేరు మార్కెట్లో ఎంతకు పడిపోయినా, ఆవిడ మాత్రం దాన్ని 100 డాలర్లకే అమ్ముకోవచ్చు. ఏడాది గడిచేసరికి షేరు 64కు దిగింది. ఇవాళే హక్కు వాడుకుంటే 36 డాలర్లు చేతికొస్తాయి. గడువు ఇంకా ఆరు నెలలుంది, షేరు ఇంకా పడితే ఇంకా ఎక్కువ రావచ్చు. మరి ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా?

ఈ ప్రశ్న అమెరికన్ ఆప్షన్‌కే వస్తుంది. యూరోపియన్ ఆప్షన్‌ను గడువు రోజునే వాడాలి, అమెరికన్‌ను గడువులోపు ఏ రోజైనా వాడుకోవచ్చు. ఈ పేర్లకూ ఖండాలకూ సంబంధం లేదు. అయితే అమెరికా ఎక్స్ఛేంజీల్లో ఒక్కో కంపెనీ షేరు మీద నడిచే ఆప్షన్లు మాత్రం అమెరికన్ తరహావే. 1973లో వెలువడిన బ్లాక్-షోల్స్ సూత్రం యూరోపియన్ పుట్‌కు ఒక్క గుక్కలో ధర చెబుతుంది. "ఎప్పుడు వాడాలి" అన్న నిర్ణయం మధ్యలో చొరబడగానే ఆ సూత్రం సరిపోదు. 1979లో కాక్స్, రాస్, రూబిన్‌స్టైన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ప్రచురించిన బైనామియల్ ట్రీ ఈ చిక్కును కూడికలు, భాగహారాలతోనే విప్పుతుంది.

ట్రీ అంటే ధరల చెట్టు. ఏడాదిన్నరను ఆరేసి నెలల మూడు అంచెలుగా విడగొడదాం. ఒక్కో అంచెలో షేరు 1.25 రెట్లు పెరుగుతుంది, లేదా 0.8 వంతుకు తగ్గుతుంది. అప్పుడు 100 నుంచి 125 గానీ 80 గానీ వస్తుంది. ఏడాది చివర 156.25, 100, 64 ఉంటాయి. గడువు రోజున 195.31, 125, 80, 51.20 ఉంటాయి. కొమ్మ చీలే ప్రతి చోటునూ నోడ్ అంటారు. మొక్కకుండే కణుపు లాంటిది కాబట్టి ఇక్కడ కణుపు అనే అందాం. ఆరు నెలలకు వడ్డీ 2.5 శాతం, షేరుకు డివిడెండ్ లేదు.

పెరగడానికి ఎంత బరువు, తగ్గడానికి ఎంత బరువు ఇవ్వాలి? షేరు భవిష్యత్తు మీద ఎవరి అంచనాతోనూ ఇక్కడ పని లేదు. 125, 80ల సగటు 102.50. బ్యాంకులో వేసిన 100 డాలర్లు ఆరు నెలలకు అయ్యేదీ సరిగ్గా అంతే. అందుకే ఈ చెట్టులో బరువులు సగం, సగం. పుట్‌ను అమ్మినవాడు షేర్లు, బ్యాంకు డబ్బు కలిపి ఆ పుట్ చెల్లింపును అచ్చంగా తయారుచేసుకోగలడు. ఈ సగం-సగం ఆ తయారీ ఖర్చు నుంచి పుట్టిందే.

లెక్క చివరి నుంచి వెనక్కి నడుస్తుంది. గడువు రోజున పుట్ విలువ పై రెండు కణుపుల్లో సున్నా. 80 దగ్గర 20, 51.20 దగ్గర 48.80. ఒక అంచె వెనక్కి వస్తే, ప్రతి కణుపు దగ్గరా రెండు అంకెలు రాయాలి. ఒకటి ఆగితే విలువ: ముందున్న రెండు కణుపుల సగటును 1.025తో భాగిస్తే వచ్చేది. రెండోది ఇప్పుడే వాడితే వచ్చేది: 100లోంచి షేరు ధర తీసివేత. ఏది పెద్దదైతే అదే ఆ కణుపు విలువ.

మన 64 కణుపు చూద్దాం. 20, 48.80ల సగటు 34.40. దాన్ని 1.025తో భాగిస్తే 33.56. వాడితే 36. అంటే ఆగితే 2.44 డాలర్ల నష్టం. "షేరు పడితే 48.80 వస్తుంది కదా" అన్న ఆశకు ఎదురుగా "పెరిగితే 20కి తగ్గుతుంది" అన్న భయం అంతే బలంగా ఉంది. అసలు సంగతి మరొకటి. ఇక్కడి నుంచి షేరు ఎటు వెళ్లినా 100 దాటదు, కాబట్టి ఆవిడ ఎలాగూ 100కే అమ్ముతారు. అమ్మడం ఖాయమైనప్పుడు, ఆ 100 డాలర్లు ఆరు నెలలు ఆలస్యంగా అందుకోవడం వల్ల పోయేది వడ్డీ. నేటి విలువలో ఆ వడ్డీయే 2.44. ఆవిడ ఆగితే ఆ సొమ్ము పుట్ అమ్మినవాడి జేబులో మిగులుతుంది.

మరో అంచె వెనక్కి వస్తే 80 కణుపు. ఇక్కడా వాడితే 20 డాలర్ల లాభం కనిపిస్తోంది. లాభం కనబడింది కాబట్టి తీసేసుకోవాలా? ముందున్నవి 100, 64. వాటి దగ్గర పుట్ విలువలు 9.76, 36. సగటును 1.025తో భాగిస్తే 22.32. ఇక్కడ ఆగడమే మేలు. వడ్డీ నష్టం ఇక్కడా అదే 2.44. కానీ షేరు మళ్లీ 100కు, అక్కడి నుంచి 125కు కోలుకునే దారి ఇంకా తెరిచి ఉంది. అలా జరిగితే 100కే అమ్మాల్సిన పని లేదు. ఆ వెసులుబాటు విలువ 4.76. అందులోంచి 2.44 తీసేస్తే 2.32. అంటే 20కి పైన సరిగ్గా అంతే అదనంగా దొరుకుతోంది. ముందస్తుగా వాడాలా వద్దా అన్నది ప్రతి కణుపు దగ్గరా ఈ రెంటి తూకమే: పోయే వడ్డీ ఒకవైపు, మిగిలిన బీమా ఇంకోవైపు. 64 దగ్గర బీమా సున్నా అయింది, 80 దగ్గర ఇంకా బతికుంది.

మొదటి కణుపుకు చేరితే ఈ అమెరికన్ పుట్ ధర 13.21 డాలర్లు. ఇదే యూరోపియన్ అయితే 12.63. ముందే వాడుకునే స్వేచ్ఛ ఖరీదు 58 సెంట్లు. ఇదంతా 64 అనే ఒక్క కణుపు నుంచే వచ్చింది.

కొత్తగా ప్రోగ్రాం రాసేవాళ్లు తరచూ ఇక్కడే జారుతారు. ముందు చెట్టంతా యూరోపియన్ లెక్కతో వెనక్కి నడిపేసి, చివర్లో మొదటి కణుపు దగ్గర ఒక్కసారి పోలుస్తారు. అప్పుడు 64 దగ్గర దొరికిన 36 వెనక్కి ప్రవహించదు, జవాబు 12.63 దగ్గరే నిలిచిపోతుంది. `max` వెనక్కి వేసే ప్రతి అడుగులోనూ, ప్రతి కణుపు దగ్గరా ఉండాలి. తప్పు పట్టుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. వడ్డీని సున్నా చేసి, బరువులు మళ్లీ కట్టి, లెక్క మొదలుపెట్టాలి. ఆలస్యానికి నష్టమే లేదు కాబట్టి అమెరికన్, యూరోపియన్ ధరలు ఒకటైపోవాలి. అవ్వకపోతే కోడ్‌లో ఎక్కడో పొరపాటుంది. ఇది ఒక్కటే చాలదు సుమా. పైన చెప్పిన తప్పు ఈ పరీక్షలో బయటపడదు. దానికి ఏ కణుపు విలువైనా 100లోంచి షేరు ధర తీస్తే వచ్చేదానికంటే తక్కువ ఉందేమో చూడాలి.

మూడు అంచెలు చేత్తో వేసే లెక్కకు చాలు, బేరానికి చాలవు. అసలు పనిలో అంచెలు వందల్లో ఉంటాయి. అంచెలు ఒక్కొక్కటే పెంచుతూ పోతే జవాబు సరి సంఖ్యకు ఒకవైపు, బేసి సంఖ్యకు మరోవైపు ఊగుతూ నెమ్మదిగా కుదుటపడుతుంది. అందుకే చాలామంది పక్కపక్క అంచెల జవాబులకు సగటు తీసుకుంటారు. చెట్టు చిక్కనయ్యే కొద్దీ "ఈ ధర కిందకు వస్తే వాడేయాలి" అన్న గీత కూడా స్పష్టంగా కనిపిస్తుంది. గడువు దగ్గరపడే కొద్దీ ఆ గీత 100 వైపు పైకి లేస్తుంది. డివిడెండ్ వస్తే కథ మారుతుంది. డివిడెండ్ పోయాక షేరు ధర ఆ మేరకు తగ్గుతుంది కాబట్టి, పుట్ ఉన్నవారు అంతవరకు ఆగడానికి మరో కారణం దొరుకుతుంది.

మన దేశంలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2001లో షేర్ల మీద ఆప్షన్లు మొదలుపెట్టినప్పుడు అవీ అమెరికన్ తరహావే. 2011 జనవరి గడువు కాంట్రాక్టుల నుంచి వాటిని యూరోపియన్‌కు మార్చారు. కాబట్టి హైదరాబాదులో కూర్చుని ఇక్కడి షేరు మీద పుట్ కొన్నవారికి 64 దగ్గర వాడుకునే హక్కు లేదు, అమ్ముకునే వీలే ఉంది. మన చెట్టు ప్రకారం ఆ రోజు దాని ధర 33.56. అమెరికాలో ఆవిడ బ్రోకర్‌కు ఒక్క మాట చెబితే చాలు. క్లియరింగ్ సంస్థ పుట్ అమ్మినవాళ్లలో ఒకరికి ఆ భారాన్ని చీటీ తీసినట్టు అప్పగిస్తుంది. ఒక కాంట్రాక్టుకు 100 షేర్లు, 3,600 డాలర్లు.