సీతాఫలం కొన్నవారికి నాలుగో రోజు ఫోన్ చేయండి

మహబూబ్‌నగర్ జిల్లా నుంచి బాలానగర్ రకం సీతాఫలాన్ని హైదరాబాద్ ఇళ్లకు నేరుగా పంపే రైతులు నాలుగో రోజు ఫోన్ చేయాలి. అప్పటికిగాని కాయ సంగతి తేలదు. "బాగున్నాయా?" అంటే మొహమాటానికి అందరూ బాగున్నాయనే అంటారు. "డజనులో ఎన్ని పండాయి, ఎన్ని గట్టిగానే ఉండి నల్లబడ్డాయి?" అని అడిగి, పెట్టె నంబరు, కోసిన తేదీ పక్కన రాసుకోండి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టారేమో కూడా అడగాలి, చలికీ కాయ నల్లబడుతుంది.

పది ఇళ్లలో నాలుగిళ్లవారు డజనుకు మూడు నల్లబడ్డాయన్నారనుకుందాం. ఫ్రిజ్‌లో పెట్టలేదు, పెట్టెలన్నీ ఒకే రోజు కోతవి. అంటే ముదరని కాయలు తెంపారన్నమాట. ఈసారి కళ్ల మధ్య సందులు విచ్చుకుని లేత పసుపుకు తిరిగినవే కోయించి, మళ్లీ అవే ఇళ్లకు ఫోన్ చేసి లెక్క పోల్చుకోండి.