రంగుటద్దాలు దిద్దేదేమిటి?

సిడ్నీ నగరానికి పడమరన ఉన్న పెండిల్ హిల్ స్టేషన్లో ప్లాట్‌ఫామ్ చివర నిలబడితే రైలు సిగ్నళ్ళు కనిపిస్తాయి. ఆ దీపాల్లో ఎరుపేదో ఆకుపచ్చేదో తేల్చుకోలేని యువకుడొకడు రైలు డ్రైవరు ఉద్యోగానికి దరఖాస్తు చేయాలనుకుంటున్నాడని ఊహిద్దాం. ఆస్ట్రేలియాలో కారు లైసెన్సుకు రంగుదృష్టి ప్రమాణం లేదు కానీ, సిగ్నళ్ళు చూసి రైలు నడిపే పనికి ఉంది. వర్ణాంధతను సరిచేస్తాయని చెప్పే కళ్ళజోడు ప్రకటన అతని కంటబడుతుంది. పెట్టుకోగానే కన్నీళ్ళు పెట్టుకున్నవారి వీడియోలూ చూస్తాడు. కొన్ని వందల డాలర్లు పోసి ఆ అద్దాలు కొంటే అతనికి దక్కేదేమిటి?

వర్ణాంధతను మొదట శాస్త్రీయంగా వర్ణించినవారిలో ఒకరైన జాన్ డాల్టన్, తన కంటిలోని ద్రవం నీలంగా ఉండి ఎరుపును పీల్చేస్తోందని 1794లో ప్రతిపాదించాడు. అంటే కంటిలోనే ఒక రంగుటద్దం అడ్డుందని ఆయన ఊహ. 1844లో ఆయన మరణించాక, ఆయన కోరిక ప్రకారమే కన్ను కోసి చూస్తే ద్రవం తేటగానే ఉంది. భద్రపరచిన ఆ కంటి నుంచి తీసిన డిఎన్ఏను పరీక్షించి, మధ్యతరంగ వర్ణకపు జన్యువు ఆయనకు లేదని 1995లో తేల్చారు. లోపం కాంతి నడిచే దారిలో లేదు, దానిని అందుకునే రెటీనాలో ఉంది. అద్దం మార్చగలిగింది దారిని మాత్రమే.

సాధారణ నేత్రంలో మూడు రకాల శంకుకణాలుంటాయి. వాటి స్పందన దాదాపు 420, 530, 560 నానోమీటర్ల దగ్గర గరిష్ఠం. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలిసేది చివరి రెండింటి సంకేతాలను పోల్చడం వల్ల. డాల్టన్ వంటివారికి ఆ రెండింటిలో ఒకటే ఉంటుంది కనుక, పోల్చడానికి రెండవది లేదు.

ఇక అద్దం చేసే పని చూద్దాం. ఇషిహారా పరీక్షా ఫలకం మీద ఒక నారింజ చుక్క, ఒక ఆకుపచ్చ చుక్క ఉన్నాయి. ఆ ఒక్క కణంలో రెండూ 100 చొప్పున సంకేతాన్ని పుట్టిస్తున్నాయనుకుందాం. అందుకే అవి అతనికి ఒకటిగా కనిపిస్తాయి. ఇప్పుడు నారింజ కాంతిలో 90 శాతాన్ని, ఆకుపచ్చలో 30 శాతాన్ని మాత్రమే వదిలే ఎర్రటద్దం పెడితే సంకేతాలు 90, 30 అవుతాయి. ఆకుపచ్చ చుక్క నల్లబడి, దాగివున్న అంకె పైకి తేలుతుంది. అతను పరీక్ష నెగ్గవచ్చు. కానీ అతనికి తెలిసింది వెలుగులో తేడా, రంగులో కాదు.

దీనికి మూల్యం వేరేచోట చెల్లించాలి. అద్దం లేనప్పుడు 33 సంకేతమిచ్చే మసక నారింజ వస్తువు, 100 ఇచ్చే ఆకుపచ్చ వస్తువు అతనికి సులువుగా వేరుపడేవి. అద్దం పెట్టాక రెండూ దాదాపు 30కి చేరి కలిసిపోతాయి. అంటే అయోమయం తొలగలేదు, ఒక జంట నుంచి మరొక జంటకు మారింది. ఇటువంటి అద్దాలతో పరీక్ష నెగ్గడాన్ని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ అంగీకరించకపోవడానికి కారణం దీనితోనే అర్థమవుతుంది. రాత్రి సిగ్నలు విషయంలో మరో చిక్కుంది: అద్దం మొత్తం కాంతిని తగ్గిస్తుంది కనుక దూరపు ఆకుపచ్చ దీపం మరింత మసకబారుతుంది.

అయితే వర్ణాంధులందరూ డాల్టన్ వంటివారు కారు. చాలామందికి మూడు రకాల కణాలూ ఉంటాయి. కానీ రెండింటి స్పందనలు మరీ దగ్గరికి జరిగి ఉంటాయి. ఎన్‌క్రోమా వంటి అద్దాలు ఆ రెండూ దాదాపు సమానంగా స్పందించే పసుపు ప్రాంతపు కాంతిని కోసేస్తాయి. మిగిలిన కాంతిలో తేడా పాలు పెరుగుతుంది, కొన్ని ఎరుపులు, ఆకుపచ్చలు ఉజ్జ్వలంగా కనిపించవచ్చు. కొన్నాళ్ళు ధరించాక, అద్దాలు తీసినా ఇటువంటివారిలో వర్ణవ్యత్యాసానికి స్పందన పెరిగిందని 2020లో కాలిఫోర్నియా పరిశోధకులు ప్రకటించారు. కన్నీళ్ళన్నీ బూటకమనడం కనుక న్యాయం కాదు. మరోవైపు 2018లో గ్రనడా విశ్వవిద్యాలయ పరిశోధకులు వర్ణాంధులను పరీక్షించినప్పుడు, అద్దాలతో రంగులు వేరుగా కనిపించాయే గానీ, దృష్టి సాధారణ స్థాయికి రాలేదు.

కొనదలచినవారు ముందు చేయవలసిన పని, తమకున్నది ఏ రకమో కంటివైద్య పరీక్షలో తెలుసుకోవడం. ఇషిహారా ఫలకాలు లోపాన్ని పట్టిస్తాయి గానీ, రెండవ రకం కణాలు అసలే లేవా, పక్కకు జరిగాయా అన్నది ఖచ్చితంగా చెప్పలేవు. అది తేల్చేది అనొమలోస్కోపు. దానిలో ఎరుపు, ఆకుపచ్చ కాంతుల మిశ్రమాన్ని పసుపు కాంతికి సరిపోల్చమంటారు. పసుపు వెలుగును తగ్గించుకునే వీలిస్తే చాలు, ఏ పాళ్ళలో కలిపినా సరిపోయిందనేవారికి పోల్చేందుకు రెండవ సంకేతం లేదు. పెండిల్ హిల్ యువకుడు అటువంటివాడైతే, అద్దాలు అతనికి తోటలోని పూలను కొత్తగా చూపవచ్చు. డ్రైవరు సీటుకు కావలసిన చూపును మాత్రం ఇవ్వలేవు.