కవరులో రబ్బరు బ్యాండ్లు, ఇంట్లో చీపురు పుల్లలు

2020 మార్చిలో బడులు మూతపడ్డాక, స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి పాఠం చేరే దారుల్లో ఒకటి చిన్న కవరు. రెండో తరగతి తీసివేతల కవరులో పది రబ్బరు బ్యాండ్లు, బొమ్మలతో వివరించిన ఒక కాగితం ఉంటే చాలు. మిగతా సరుకు ఇంట్లోదే: కొబ్బరి చీపురు పుల్లలు.

పుల్లల్ని బెత్తెడు ముక్కలుగా తుంచి, మొనలు గచ్చు మీద అరగదీయాలి. లెక్కపెట్టి పదేసి చొప్పున కట్టలు కట్టాలి. ఈ పని పిల్లలే చెయ్యాలి. ఒక కట్టలో తొమ్మిదే పడితే తర్వాతి లెక్కలన్నీ తప్పుతాయి.

42లోంచి 17 తీయాలనుకుందాం. ముందు నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ఉంటాయి. విడిగా ఏడు ఇవ్వాలి, ఉన్నవి రెండే. అప్పుడు ఒక కట్ట విప్పాలి. విడి పుల్లలు పన్నెండవుతాయి. ఏడు తీస్తే అయిదు మిగులుతాయి. మూడు కట్టల్లో ఒకటి తీస్తే రెండు. జవాబు 25. బడిలో ‘అప్పు తెచ్చుకోవడం’ అనేది ఈ కట్ట విప్పడమే. తిరిగి ఇవ్వనిదాన్ని అప్పు అని ఎందుకన్నారో మరి!

కాగితం మీద చాలామంది పిల్లలు 35 అని రాస్తారు. ఏడులోంచి రెండు తీసేశారన్నమాట. అక్షరం రాని అమ్మ కూడా దీన్ని పట్టుకోగలదు: తీసిన 17 పుల్లల్నీ 35తో కలిపితే అయిదు కట్టలు, రెండు పుల్లలు అవుతాయి. మొదట ఉన్నవి నాలుగు కట్టలేగా!

వంద దాటితే పుల్లలతో కష్టం. అప్పటికి కాగితం మీదికి మారాలి.