తేడా 7,231 రూపాయలే, కానీ...

తెనాలిలో ఎరువులు, పురుగుమందులు అమ్మే ఒక దుకాణాన్ని ఉదాహరణగా తీసుకుందాం. సెప్టెంబరు 30 సాయంత్రానికి గుమాస్తా రాసిన క్యాష్ బుక్‌లో బ్యాంకు నిల్వ 4,18,640 రూపాయలు. అదే రోజుకు బ్యాంకు స్టేట్‌మెంటులో ఉన్నది 4,11,409. తేడా 7,231. ఖరీఫ్‌లో ఊపిరాడనంత వ్యాపారం జరిగే కొట్టుకు ఇదొక లెక్కలోది కాదు. చాలామంది యజమానులు ‘బ్యాంకు చార్జీలు అయ్యుంటాయిలే, ఏడాది చివర ఆడిటరు గారు చూసుకుంటారు’ అని వదిలేస్తారు.

ఈ కొట్టు లెక్కల్లోకి దిగి చూస్తే ఆ 7,231 వెనుక ఎనిమిది లావాదేవీలు బయటపడతాయి. వాటి మొత్తం 1,67,031 రూపాయలు. కొన్ని పుస్తకంలో నిల్వను పెంచి చూపించాయి, కొన్ని తగ్గించి చూపించాయి. ఒకదానికొకటి చెల్లుకుపోగా పైకి కనిపించినది ఆ చిన్న తేడా మాత్రమే. అందుకే బ్యాంకు రీకన్సిలియేషన్‌లో అకౌంటెంటుకు కావలసింది తేడా ఎంత అన్న అంకె కాదు. ఏయే పద్దులు కలవలేదు, ఒక్కొక్కటి ఎందుకు కలవలేదు అన్న జాబితా.

మొదటిసారి ఈ పనికి కూర్చున్నవాళ్లు తడబడేది ఒక చోట. మన పుస్తకంలో డెబిట్ వైపు ఉన్న డబ్బు బ్యాంకు కాగితంలో క్రెడిట్ వైపు ఉంటుంది. బ్యాంకులో ఉన్న డబ్బు మనకు ఆస్తి, బ్యాంకుకు మాత్రం అది మనకివ్వాల్సిన బాకీ. కాబట్టి మన వసూళ్లను బ్యాంకు జమలతో, మన చెల్లింపులను బ్యాంకు ఖర్చులతో పోల్చాలి. రెంటినీ వేర్వేరుగా చేసుకుంటే సగం గందరగోళం తగ్గుతుంది.

అనుభవమున్న గుమాస్తా ముందుగా సెప్టెంబరు పద్దుల జోలికి వెళ్లడు. ఆగస్టు నెలాఖరున కలవకుండా మిగిలిన జాబితాను ఎదురుగా పెట్టుకుంటాడు. అప్పటి పెండింగు చెక్కుల్లో ఎన్ని సెప్టెంబరు స్టేట్‌మెంటులో పడ్డాయో చూసి టిక్కు పెడతాడు. ఈ మెట్టు దాటవేస్తే, ఆగస్టులో ఇచ్చి సెప్టెంబరులో చెల్లిన చెక్కు ‘పుస్తకంలో లేని ఖర్చు’లా కనబడి రెండోసారి రాసే ప్రమాదం ఉంది. స్టేట్‌మెంటును కూడా సెప్టెంబరు 30తో ఆపకుండా అక్టోబరు మొదటి వారం దాకా తెప్పించుకుంటాడు. నెలాఖరున గాలిలో ఉన్న పద్దులు నిజంగా ఎప్పుడు నేలమీదికి దిగాయో తెలిసేది ఆ వారంలోనే.

ఆ తర్వాత జత కలపడం. అన్నిటికన్నా గట్టి ఆధారం నంబరు: చెక్కుకు చెక్కు నంబరు, నెఫ్ట్‌కు 16 అక్షరాల యూటీఆర్, యూపీఐకి 12 అంకెల రిఫరెన్సు. నంబరు కలిస్తే మారు మాట లేదు. నంబరు లేనివాటికి మాత్రమే మొత్తం, తేదీ చూడాలి. మొత్తం ఒక్కటే చూసి టిక్కులు పెట్టుకుంటూ పోతే ఎరువుల కొట్టులాంటి చోట పని పాడవుతుంది. 5,000 రూపాయల జమలు వారంలో నాలుగు ఉంటాయి. పుస్తకంలో నాలుగు, బ్యాంకులో మూడు ఉన్నా, తొందరలో బ్యాంకులోని ఒకే జమకు రెండు టిక్కులు పడిపోతాయి.

కంప్యూటర్లో చేసేవారికీ ఇదే ఉచ్చు. మామూలుగా వెతికే ఫార్ములా ఒక 5,000ను చూసి నాలుగింటికీ ‘దొరికింది’ అనేస్తుంది. దీనికి విరుగుడు, ప్రతి మొత్తానికీ అది ఎన్నోసారి వచ్చిందో చెప్పే అంకెను తగిలించడం. మొత్తాలు C వరుసలో ఉంటే, F వరుసలో రెండు షీట్లలోనూ మొదటి ఫార్ములా, పుస్తకం షీటు G వరుసలో రెండోది రాస్తారు:

```
=C2&"|"&COUNTIF($C$2:C2,C2)
=COUNTIF(Bank!F:F,F2)
```

మూడో 5,000 ఇప్పుడు 5000|3 అవుతుంది, నాలుగోది 5000|4. బ్యాంకు షీటులో నాలుగోది లేదు కనుక దాని పక్కన సున్నా పడుతుంది. ఆ సున్నాలే కలవని పద్దులు. అయితే నాలుగింటిలో జమ కానిది సరిగ్గా ఆ నాలుగోదేనని ఈ ఫార్ములా చెప్పలేదు, ఒకటి తక్కువైందని మాత్రమే చెబుతుంది. ఎవరిది తక్కువైందో నంబరు పట్టుకుని మనిషే తేల్చాలి. ఇంకో జాగ్రత్త: బ్యాంకు సైటు నుంచి దించుకున్న ఫైలులో అంకెలు ఒక్కోసారి అక్షరాలుగా వస్తాయి. గడిలో ఎడమ పక్కకు అతుక్కుని కనబడినా, మొత్తం కూడితే సున్నా వచ్చినా అదే జబ్బు. ముందు దాన్ని సరిచేసుకోవాలి.

ఒకటికి ఒకటి కలవని సందర్భాలూ ఉన్నాయి. ఈ కొట్టులో సెప్టెంబరు 12న స్వైప్ మెషీను మీద 9,000, 6,500, 4,500 చొప్పున మూడు అమ్మకాలు జరిగాయి. పుస్తకంలో మూడు పద్దులు. బ్యాంకులో మర్నాడు ఒకే జమ, అదీ 20,000 కాదు, 19,764. కార్డు కమీషను 200, దానిమీద 18 శాతం జీఎస్టీ 36 పట్టుకుని మిగిలింది వేశారు. మూడింటినీ కలిపి చూడనివాడికి ఇక్కడ కలవని పద్దులు నాలుగు కనబడతాయి. నిజానికి రాయాల్సింది 236 రూపాయల ఖర్చు ఒక్కటే.

ఇలా కలిసినవన్నీ పక్కకు పోయాక మిగిలినవాటిలో మూడు కేవలం కాలవ్యవధి వల్ల తేడా వచ్చినవి. వీటికి పుస్తకంలో దిద్దుబాటు అక్కర్లేదు. కానీ మూడూ ఒకే రకంగా వదిలేయదగినవీ కావు. డీలరుకు 28న ఇచ్చిన 62,000 చెక్కు అక్టోబరు 3న చెల్లింది, దాని కథ ముగిసింది. 30 సాయంత్రం బ్యాంకు పెట్టెలో వేసిన 35,000 చెక్కు 1న జమ అయింది, అదీ సరే. మూడోది లారీ ట్రాన్స్‌పోర్టు వారికి జూన్ 2న ఇచ్చిన 5,500 చెక్కు. రిజర్వు బ్యాంకు 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు గడువును మూడు నెలలకు కుదించింది. అంటే సెప్టెంబరు 2 తర్వాత ఈ చెక్కు చెల్లదు. ‘ఇంకా బ్యాంకుకు రాలేదు’ అన్న వరుసలో దీన్ని నెలనెలా మోసుకుంటూ పోవడం తప్పు. ఇది ఇక ఎప్పటికీ రాదు.

జమ కావలసిన పద్దుల విషయంలో అకౌంటెంటు కన్ను ఇంకా పదునుగా ఉండాలి. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కుల క్లియరింగు విడతలుగా కాక పగలంతా సాగుతోంది. ఇప్పుడు ఒక స్థానిక చెక్కు వారం దాకా ‘జమ కావాలి’ అని ఉంటే అది నిజంగా పెట్టెలో పడిందా అని అడగాలి. నగదు విషయంలో అయితే వారం దాకా ఆగనక్కర్లేదు. కౌంటర్లో కట్టిన నగదు అదే రోజు ఖాతాలో కనబడుతుంది. ‘బ్యాంకులో కట్టాం’ అని పుస్తకంలో రాసిన నగదు మూడు రోజులైనా స్టేట్‌మెంటులో లేకపోతే ఎవరి చేతిలోనో ఉందన్నమాట. చిన్న కొట్లలో నగదు వాడకాలు బయటపడేది చాలాసార్లు ఇక్కడే. ఈరోజు వాడుకున్న డబ్బును రేపటి వసూలుతో కట్టేవాడు నెలాఖరున తప్పించుకోలేక దొరుకుతాడు. అందుకే పుస్తకం రాసే మనిషి, బ్యాంకుకు డబ్బు తీసుకెళ్లే మనిషి ఒకరే అయిన చోట, ఈ జాబితా తయారుచేసేది మూడో మనిషి కావడం మంచిది.

రెండో రకం, బ్యాంకులో జరిగినా పుస్తకానికి ఎక్కనివి. వీటిలో అసలు దెబ్బ 48,000 చెక్కు. ఒక ఖాతాదారు ఇచ్చిన దాన్ని గుమాస్తా సెప్టెంబరు 18న వసూలు కింద రాశాడు. ఖాతాలో నిధులు లేవని 20న అది తిరిగొచ్చింది. బ్యాంకు ఆ మొత్తాన్ని వెనక్కి తీసుకుని, చార్జీ కింద 250, జీఎస్టీ 45 కలిపి 295 పట్టుకుంది. పుస్తకంలో మాత్రం ఆయన బాకీ తీరిన మనిషి. ఈలోగా వచ్చి అడిగితే కొట్టువారు మళ్లీ అరువిస్తారు. చట్టం కూడా ఇక్కడ గడియారం పెట్టింది. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138 సెక్షను కింద వెళ్లాలంటే, చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోపు డబ్బు కట్టమని రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అక్టోబరు మొదటి వారంలో జాబితా వేసినవాడికి ఇంకా రెండు వారాలు చేతిలో ఉంటాయి. మార్చి దాకా ఆగినవాడికి ఆ చెక్కు మీద ఆ దారి మూసుకుపోతుంది.

అదే వర్గంలో 12,400 రూపాయల యూపీఐ జమ ఒకటి ఉంది. క్యూఆర్ కోడు మీద ఎవరో రైతు పంపారు, ఫోను చేసి చెప్పలేదు. స్టేట్‌మెంటులో కనబడే పేరు బహుశా వాళ్లబ్బాయిది. సరిగ్గా అంత బాకీ ఉన్న మనిషి ఎవరా అని చూసి, ఆయన పేరున జమ వేసేయడం చాలాచోట్ల జరిగే పనే. అది ఊహ తప్ప ఆధారం కాదు. తప్పు మనిషికి వేస్తే రేపు ఇద్దరితో గొడవ. ఎవరిదో తేలేదాకా దాన్ని సస్పెన్సు ఖాతాలో ఉంచి, రిఫరెన్సు నంబరుతో సహా జాబితాలో రాయాలి.

చివరిది పొరపాటు. కంపెనీకి నెఫ్ట్ ద్వారా 27,360 వెళ్లింది, పుస్తకంలో 23,760 అని పడింది. తేడా 3,600. రెండు అంకెలు అటూఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. కారణం తెలియని తేడా కనబడగానే పాత గుమాస్తాలు ముందు తొమ్మిదితో, తర్వాత రెండుతో భాగించి చూస్తారు. సగం చేస్తే వచ్చిన మొత్తంతో పద్దు ఏదైనా దొరికితే, వసూలును చెల్లింపు వైపు రాసి ఉంటారని అనుమానించవచ్చు. ఇవి ఆచూకీలు మాత్రమే, రుజువులు కావు.

ఇప్పుడు లెక్క. పుస్తకంలోని 4,18,640కి యూపీఐ 12,400 కలిపి, తిరిగొచ్చిన చెక్కు 48,000, చార్జీ 295, అంకె తప్పు 3,600, కార్డు కోత 236 తీసేస్తే 3,78,909. అటువైపు బ్యాంకు నిల్వ 4,11,409కి జమ కావలసిన 35,000 కలిపి, చెల్లాల్సిన చెక్కులు 67,500 తీసేసినా 3,78,909. రెండు దారులూ ఒకే చోటికి చేరాయి. చేరకపోతే ‘ఇతర ఖర్చులు’ కింద ఒక పద్దు రాసి సమానం చేయడమంత పెద్ద తప్పు ఇంకోటి లేదు. దాని కింద పూడిపోయేది ఏమిటో ఎవరికీ తెలియదు. మిగిలిన తేడాను తేడాగానే చూపి అకౌంటెంటుకు ఇవ్వాలి.

టాలీలో ఈ పని చేసేవారు ప్రతి పద్దు పక్కన బ్యాంకు తేదీ నింపుతారు, ఖాళీగా మిగిలినవే జాబితా అవుతాయి. కానీ ఆ ఖాళీ ఎందుకుందో అందులో ఉండదు. అకౌంటెంటుకు పంపే కాగితంలో ప్రతి వరుసకూ తేదీ, నంబరు, పేరు, మొత్తం, కారణం, తర్వాత చేయాల్సింది ఉండాలి. ఉదాహరణకు ట్రాన్స్‌పోర్టు చెక్కు వరుస ఇలా ఉంటుంది: జూన్ 2, చెక్కు నంబరు, 5,500, గడువు దాటింది, పార్టీకి ఫోను చేసి పాత చెక్కు వెనక్కి తీసుకోవాలి. దాన్నిబట్టి అకౌంటెంటు జూన్ పద్దును చెరపడు. దాన్ని తిరగరాస్తూ కొత్త తేదీతో ఎదురు పద్దు వేస్తాడు. 5,500 మళ్లీ బ్యాంకు నిల్వలోకి, ట్రాన్స్‌పోర్టు వారి పేరున బాకీలోకి వెళుతుంది. కొత్త చెక్కు ఇచ్చిన రోజున ఆ బాకీ తీరుతుంది.