నాలుగు రూపాయల తేడా

2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, అటు సారపాక, ఇటు భద్రాచలం విడిపోయాయి. దినకూలి మీద పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి అలాంటి నెలలో మస్టర్లు తగ్గుతాయి, మస్టర్లు తగ్గితే పీఎఫ్ కూడా తగ్గుతుంది. పాస్‌బుక్ ఫొటో చూసి లెక్క సరిచూసే వారిని తికమక పెట్టేది సాధారణంగా అలాంటి నెలే.

లెక్క తేలిగ్గా ఉండేందుకు నేనే ఒక పాస్‌బుక్‌ను ఊహించుకున్నాను. రోజుకు 450 రూపాయల కూలి, నెలకు 26 మస్టర్లు, అంటే జీతం 11,700. వరద నెల జులైలో మాత్రం 16 మస్టర్లే, జీతం 7,200. ఇది ఈపీఎఫ్ పాస్‌బుక్. సింగరేణి గని కార్మికులది కోల్‌మైన్స్ ప్రావిడెంట్ ఫండ్, దాని పుస్తకం వేరు.

ముందు ఫొటోలోని అంకెలను కాగితం మీదికో ఎక్సెల్ షీటులోకో ఎక్కించాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో సగం మసకగా ఉంటుంది, 4 చూస్తే 1లా, 3 చూస్తే 8లా కనిపిస్తుంది. ఫోనుతోనే అక్షరాలు లాగితే కామా కాస్తా చుక్క అయిపోయి 1,404 ఒక రూపాయి నలభై పైసలుగా మారిన సందర్భాలూ ఉంటాయి. అందుకే ఒక్కో వరుసను అక్కడికక్కడే పరీక్షించుకోవాలి. దానికి పనికొచ్చే సూత్రం పాస్‌బుక్‌లోనే ఉంది.

ప్రతి నెల వరుసలో జీతం తర్వాత మూడు మొత్తాలు ఉంటాయి: కార్మికుడి వాటా, యజమాని వాటా, పెన్షన్ వాటా. కార్మికుడి నుంచి జీతంలో 12 శాతం కోస్తారు. యజమాని కూడా 12 శాతమే కడతాడు, కానీ అందులో 8.33 శాతం పెన్షన్‌కు పోయి మిగిలినదే యజమాని వాటా గడిలో కనిపిస్తుంది. కాబట్టి కుడివైపు రెండు గడులను కలిపితే ఎడమ గడి రావాలి. మామూలు నెలలో 1,404 ఉంటే పక్కన 429, 975 ఉండాలి. ఫొటోలో 1,104 అని చదివితే 429, 975 కలవగానే తప్పు దొరికిపోతుంది. వరద నెలలో 864, 264, 600. మొత్తం చిన్నదే అయినా ఈ కూడిక కుదిరింది కాబట్టి అది ఫొటో తప్పు కాదు, వరద చేసిన పని. 12 శాతం కంటే ఎక్కువ కోయించుకునే వారికి ఈ పరీక్ష ఇలాగే వర్తించదు.

పన్నెండు వరుసలూ ఎక్కించాక కార్మికుడి వాటా మొత్తం 16,308, యజమాని వాటా మొత్తం 4,983 వస్తుంది. పాస్‌బుక్ అడుగున ఆ ఏడాది మొత్తం చందా అని ముద్రించిన అంకెలు కూడా ఇవే కావాలి. ఇక్కడే తేడా వస్తే వడ్డీ దాకా వెళ్లి లాభం లేదు, ఫొటోలో ఏ వరుసో తెగిపోయి ఉంటుంది.

ఇక వడ్డీ. చాలామంది పడిపోయేది ఇక్కడే. ఏడాది చివర ఉన్న మొత్తం మీద వడ్డీ శాతం వేసేసి, పాస్‌బుక్‌లో అంతకంటే తక్కువ కనిపించగానే మోసపోయామనుకుంటారు. పీఎఫ్ వడ్డీని కట్టేది నెలవారీ నిల్వ మీద, ఖాతాలో వేసేది మాత్రం ఏడాదికి ఒక్కసారి. పాత నిల్వకు పన్నెండు నెలల వడ్డీ. ఒక నెలలో జమైన చందాకు తర్వాతి నెల మొదటి తేదీ నుంచి వడ్డీ. అంటే ఏప్రిల్ చందాకు 11 నెలలు, మే చందాకు 10, అలా దిగుతూ మార్చి చందాకు సున్నా. మధ్యలో డబ్బు తీసుకుంటే, తీసుకున్న నెలకు ముందు నెల చివరి వరకే ఆ సొమ్ముకు వడ్డీ.

మన పాస్‌బుక్‌లో 2022 మార్చి 31 నాటికి కార్మికుడి వాటా 41,600 ఉందనుకుందాం. నవంబరులో ఇంట్లో జబ్బు చేసి తన వాటా నుంచి 12,000 అడ్వాన్సు తీసుకున్నాడు. 2022-23కి వడ్డీ రేటు 8.15 శాతం. 41,600 పన్నెండు నెలలుంది, హెచ్చిస్తే 4,99,200. నెలల చందాలను వాటి వాటి నెలలతో హెచ్చించి కూడితే 88,884. తీసుకున్న 12,000కు నవంబరు నుంచి మార్చి వరకు ఐదు నెలల వడ్డీ పోతుంది, అది 60,000. మొదటి రెండూ కలిపి మూడోది తీసేస్తే 5,28,084. దాన్ని 8.15తో హెచ్చించి 1200తో భాగిస్తే 3,586 రూపాయల 57 పైసలు. రూపాయికి సవరిస్తే 3,587.

జీతం A గడుల్లో, కార్మికుడి వాటా B గడుల్లో, మిగిలిన నెలలు E గడుల్లో (11 నుంచి 0 వరకు) పెట్టుకుంటే ఎక్సెల్‌లో ఒక్క వరుస చాలు:

```
=ROUND((41600*12+SUMPRODUCT(B2:B13,E2:E13)-12000*5)*8.15/1200,0)
```

ఇంత జాగ్రత్తగా చేసినా కొందరికి 3,583 వస్తుంది. నాలుగు రూపాయలు తక్కువ. ఏడాది చందా సరిపోయింది, ప్రతి వరుసా సరిపోయింది, మరి తేడా ఎక్కడిది? చిల్లర సవరణలే అనుకుని వదిలేయాలనిపిస్తుంది. నేనైతే వదలను, ఎందుకంటే సవరణ వల్ల ఒక్కో వాటాలో వచ్చే తేడా రూపాయికి మించదు.

పాస్‌బుక్‌లో వరుస పక్కన `Cont. For Due-Month 082022` అని ఉంటుంది. అది ఆగస్టు జీతం కాదు. జులై జీతానికి ఆగస్టులో కట్టవలసిన చందా. అందుకే ఒక ఆర్థిక సంవత్సరం పుస్తకంలో ఉండేది మార్చి జీతం నుంచి తర్వాతి ఫిబ్రవరి జీతం వరకు. వరద నెల జీతాన్ని చూసి, ఇది జులైది అనుకుని నాలుగో వరుసలో పెడితే దానికి ఎనిమిది నెలలు పడతాయి. నిజానికి ఐదో వరుస, ఏడు నెలలు. మామూలు నెలలన్నీ ఒకే మొత్తం కాబట్టి అవి అటూ ఇటూ జరిగినా లెక్క మారదు, తగ్గిన ఆ 540 రూపాయలే ఒక నెల జరిగి 3 రూపాయల 67 పైసల తేడా తెస్తాయి. మొత్తాల కూడిక ఈ తప్పును ఎప్పటికీ పట్టుకోలేదు. వడ్డీ లెక్క ఒక్కటే పట్టుకుంటుంది.

యజమాని వాటాకు ఇదే పద్ధతి. పాత నిల్వ 12,800 అయితే దాని వడ్డీ 1,228. పెన్షన్ గడికి వడ్డీ లేదు, దాన్ని మొత్తంలో కలపకూడదు. ఇక ముగింపు నిల్వ: కార్మికుడి వాటా 41,600కు 16,308, 3,587 కలిపి 12,000 తీసేస్తే 49,495. యజమాని వాటా 12,800కు 4,983, 1,228 కలిపితే 19,011. పాస్‌బుక్ చివరి వరుసలో ఈ రెండూ విడివిడిగా కనిపించాలి. వచ్చే ఏడాది పాత నిల్వగా కూడా ఇవే అంకెలు రావాలి.

కొన్నిసార్లు అసలు వడ్డీ వరుసే ఉండదు. 2022-23 వడ్డీ జమ చేయమని ఆదేశం వచ్చింది 2023 జులై 24న. మే నెలలో తీసిన ఫొటోలో అది కనిపించకపోవడం మామూలే. ఆలస్యంగా వేసినా మార్చి 31 తేదీతోనే వేస్తారు, వడ్డీ నష్టం లేదు. అలాంటి ఫొటోను పక్కన పెట్టి కొత్తది తెప్పించుకోవడమే మేలు.

పాల్వంచ, సారపాక వైపు పనిచేసేవారికి ఇంకో చిక్కుంది. కాంట్రాక్టరు మారినప్పుడు యూఏఎన్ అదే ఉన్నా, దాని కింద కొత్త మెంబర్ ఐడీ మొదలవుతుంది. కొత్త ఐడీ పాస్‌బుక్‌లో పాత నిల్వ సున్నా చూపిస్తుంది. పాత డబ్బు పోలేదు, బదిలీ చేసేవరకు పాత ఐడీ పుస్తకంలోనే ఉంటుంది. కాబట్టి ఫొటోలు అడిగేటప్పుడు ప్రతి ఐడీ పాస్‌బుక్‌దీ అడగాలి, ఒక్కో ఐడీకి లెక్క విడిగా వేయాలి.

ఇవన్నీ దాటాక కూడా ఒక నెల వరుస కనిపించకపోతే అది ఫొటో తప్పూ లెక్క తప్పూ కాదు. ఆ నెల జీతం చీటీలో పీఎఫ్ కోత ఉండి, ఏ ఐడీ పాస్‌బుక్‌లోనూ చందా లేదంటే ఆ చీటీ, పాస్‌బుక్ ప్రతి జతచేసి ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్ ఈపీఎఫ్‌ఐజీఎంఎస్‌లో పెట్టాలి. ఫిర్యాదులో జీతం నెల ఏదో, చందా కట్టవలసిన నెల ఏదో రెండూ రాయాలి, లేకపోతే వాళ్లూ పక్క వరుసలోనే వెతుకుతారు.