కుళాయి ముట్టుకుంటే జివ్వుమంటోందా?

చలికాలం పొద్దున్నే గీజర్ వేసి, బకెట్ పెట్టి కుళాయి తిప్పబోతే వేళ్లు జివ్వుమంటాయి. ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంటారు. మళ్లీ ముట్టుకుంటే మళ్లీ అంతే. చాలా ఇళ్లలో దీనికి విరుగుడు రబ్బరు చెప్పులే. ‘కొంచెమే కదా కొడుతోంది’ అనుకుంటూ నెలల తరబడి అలాగే లాగించేస్తారు. షాక్ అంత చిన్నగా ఎందుకుందో తెలిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగాలనిపించదు.

ముందు ఒక తేడా గమనించాలి. ఏసీ గదిలో కార్పెట్ మీద నడిచి తలుపు గొళ్లెం పట్టుకున్నప్పుడు ‘టప్’మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. అది ఒంటి మీద చేరిన స్థిర విద్యుత్తు. దానితో ప్రమాదం లేదు. చెయ్యి పెట్టినంతసేపూ సన్నగా వణికినట్టుండి, గీజర్ ఆపగానే పోయేదైతే అది ఇంటి వైరింగులోంచి వచ్చే 230 వోల్టుల కరెంటే.

ఆ కరెంటు కుళాయి దాకా ఎలా వచ్చింది? గీజర్ ట్యాంకులో నీళ్లను కాచేది లోహపు గొట్టంలాంటి ఎలిమెంట్. దాని లోపల సన్నటి హీటింగ్ తీగ ఉంటుంది. తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడిని గట్టిగా దట్టిస్తారు. ఈ పొడి వేడిని బయటికి పోనిస్తుంది, కరెంటును పోనివ్వదు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో కొన్నేళ్లకు ఎలిమెంట్ మీద తెల్లటి సున్నపు పొర మందంగా పేరుకుంటుంది. దాంతో వేడి నీళ్లలోకి సరిగా పోక గొట్టం మరీ కాగిపోతుంది, తుప్పు పట్టి సన్నగా చీలుతుంది. ఆ చీలికలోంచి నీటి చెమ్మ పొడిలోకి దిగిందంటే అడ్డు బలహీనపడి, కరెంటు ట్యాంకు ఒంటికీ, అక్కణ్ణించి పైపులకూ కుళాయికీ పాకుతుంది. ప్లాస్టిక్ పైపులైతే భయం లేదనుకోవడానికీ వీల్లేదు. వాటిలోని నీళ్లు కూడా కొంత కరెంటును మోస్తాయి.

చీలిక కొత్తలో చెమ్మ తక్కువ కాబట్టి కరెంటుకు అడ్డు ఇంకా చాలానే ఉంటుంది. అది రెండు లక్షల ఓమ్‌లు అనుకుంటే, 230 వోల్టుల దగ్గర మనిషి గుండా పోయేది సుమారు ఒక మిల్లీ ఆంపియర్. అంటే ఆంపియర్‌లో వెయ్యో వంతు. మనిషికి తెలిసే కరెంటు ఇంచుమించు అక్కడే మొదలవుతుంది, అందుకే జివ్వుమని ఊరుకుంటుంది. చీలిక పెరిగి ఆ అడ్డు పదివేల ఓమ్‌లకు పడిపోతే, ఒళ్లంతా తడిసి తడి నేల మీద నిలబడ్డ మనిషి గుండా దాదాపు 20 మిల్లీ ఆంపియర్లు పోతాయి. పది దాటితేనే చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్నది వదల్లేని స్థితి రావచ్చు. ముప్పై దాటితే ఊపిరికీ గుండెకూ ముప్పు. ఈ మార్పుకు నెలలు పట్టొచ్చు, ఒక్క వారంలోనే జరగనూ వచ్చు. బయటికి ఏ గుర్తూ కనబడదు.

ఇలాంటి లీకు కోసమే ఎర్త్ వైరు ఉంది. మూడు పిన్నుల ప్లగ్గులో లావుగా, పొడవుగా ఉండే పిన్ను దానిదే. ఆ ఆకుపచ్చ వైరు గీజర్ ఒంటిని ఇంటి పక్కన పాతిన ఎర్త్ గుంతకు కలుపుతుంది. అది బాగుంటే లీకైన కరెంటు అటే భూమిలోకి పోతుంది, కుళాయి జివ్వుమనదు. కాబట్టి కుళాయి షాకిస్తోందంటే సాధారణంగా రెండు చోట్ల తప్పు జరిగినట్టు: ఎలిమెంట్ పాడైంది, ఎర్త్ కూడా పనిచేయడం లేదు.

ఎంసీబీ ఎందుకు పడిపోలేదని చాలామంది అడుగుతారు. గీజర్‌కు వేసే 16 ఆంపియర్ల ఎంసీబీ, వైరు కాలిపోకుండా చూడటానికి. మనిషిని చంపగల కరెంటు అందులో చాలా చిన్న భాగం, దాన్ని అది పట్టించుకోదు.

స్విచ్ దగ్గర షాక్‌కు కారణాలు వేరు. వానాకాలంలో గోడ నానితే బోర్డు వెనక పెట్టెలో చెమ్మ చేరుతుంది. పగిలిన స్విచ్, ప్లేటు బిగించేటప్పుడు మరకు తగిలి తొక్క ఊడిన వైరు, ఎర్త్ ఇవ్వని ఇనప పెట్టె, వీటిలో ఏదైనా మర మీద వేలు పడితే జివ్వుమనిపిస్తుంది. ఇంకో తప్పు బయటికి అసలు తెలియదు: ఫేజు వైరుకు బదులు న్యూట్రల్ వైరును స్విచ్‌కు ఇవ్వడం. అప్పుడు స్విచ్ ఆపితే గీజర్ ఆగినట్టే ఉంటుంది గానీ ఎలిమెంట్‌లో ఫేజు అలాగే నిలిచి ఉంటుంది. గీజర్ ఆపినా కుళాయి షాకిస్తుంటే అనుమానించాల్సిన వాటిలో ఇదొకటి.

తెలిసిన ఎలక్ట్రీషియన్ పని ఎలా సాగుతుందో ఒక ఉదాహరణలో చూద్దాం. గీజర్ వేస్తే బాత్రూమ్ కుళాయి కొడుతోంది, ఆపితే లేదు. అతను ముందు మెయిన్ ఆపి, గీజర్ మూత విప్పి ఎలిమెంట్ వైర్లు తీసేస్తాడు. తర్వాత మెగ్గర్ అనే మీటరుతో ఎలిమెంట్‌కూ ట్యాంకుకూ మధ్య 500 వోల్టులు పంపి అడ్డు చూస్తాడు. బాగున్న ఎలిమెంట్ అయితే మెగా ఓమ్‌లలో చూపించాలి. ఇక్కడ ముల్లు సున్నా దగ్గరే ఆగింది, ఎలిమెంట్ పోయినట్టే. పని అక్కడితో ఆపితే సగమే అయినట్టు. ప్లగ్గు విప్పితే ఆకుపచ్చ వైరు తెగి పక్కకు వేలాడుతోంది. దాన్ని బిగించాక ఎర్త్ గుంత దగ్గరికి వెళ్తే, క్లాంపు తుప్పు పట్టి వైరు వదులైంది. క్లాంపు మార్చి, ఎర్త్ నిరోధాన్ని కొలిచి చూస్తాడు. అది ఎంత తక్కువుంటే అంత మంచిది. ఎండాకాలంలో గుంత ఎండితే ఎర్త్ పట్టు తగ్గుతుంది, అందుకే నీళ్లు పోయిస్తుంటారు.

కొందరు ఎర్త్ లేదని ప్లగ్గులోనే ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపేస్తారు, లేదా ఎర్త్ వైరును నీళ్ల పైపుకు చుట్టేస్తారు. వీటిని ఒప్పుకోకూడదు. మొదటి దానిలో న్యూట్రల్ తెగిన క్షణాన గీజర్ ఒళ్లంతా 230 వోల్టులతో నిండుతుంది. రెండో దానిలో అపార్ట్‌మెంట్‌లో ఒకరి గీజర్ లీకు పక్కింటి కుళాయిలోకి వెళ్తుంది.

ఎలక్ట్రీషియన్‌ను ఎప్పుడు పిలవాలంటే, కుళాయి గానీ ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటివి గానీ ఒక్కసారి జివ్వుమన్నా సరే, అదే రోజు పిలవాలి. అతను వచ్చే దాకా ఆ వస్తువు ప్లగ్గు పొడి చేత్తో తీసేయాలి, ప్లగ్గు లేకపోతే దాని ఎంసీబీ దించాలి. టెస్టర్ వెలిగితే కరెంటు ఉందని మాత్రమే తెలుస్తుంది, ఎంత ప్రమాదమో చెప్పదు. వెలగలేదని నమ్మడానికీ లేదు. గోడ కొడుతున్నా, స్విచ్ దగ్గర కాలిన వాసన లేదా చిటపట శబ్దం వస్తున్నా మెయిన్ ఆపి పిలవాలి. మెయిన్ ఆపినా కుళాయి కొడుతుంటే లోపం పక్కింట్లోనో బయటి లైనులోనో ఉండొచ్చు. కుళాయిల జోలికి పోకుండా చుట్టుపక్కలవాళ్లకు చెప్పి, విద్యుత్ సంస్థకు 1912లో ఫిర్యాదు చేయాలి.

రిపేరుతో పాటు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోవడం మేలు. ఫేజులో వెళ్లిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగొచ్చిన దానికీ తేడా ఆ మేరకు రాగానే అది సెకనులో చిన్న భాగంలో సరఫరా కట్ చేస్తుంది. దాని మీద ‘T’ అని ఉన్న బటన్‌ను నెలకోసారి నొక్కి చూడాలి, నొక్కగానే పడిపోవాలి. గీజర్ వేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ పడిపోతుంటే దాన్ని తీసేసి నేరుగా కలిపించకుండా, గీజర్‌నే విప్పించి చూపించాలి.