ఇల్లు ఖాళీ చేస్తే అడ్వాన్సులో ఎంత పట్టుకోవచ్చు?

బాపట్లలో ఇంజనీరింగ్ కాలేజీకో అగ్రికల్చర్ కాలేజీకో వచ్చిన పిల్లలు ముగ్గురు నలుగురు కలిసి ఒక పోర్షను తీసుకుంటారు. తెనాలిలో షాపులోనో ఆసుపత్రిలోనో పని దొరికినోళ్లు, రేపల్లె నుంచి రోజూ రైల్లో తిరగలేక తెనాలిలోనే గది చూసుకున్నోళ్లు కూడా ఇలాగే అద్దెకి దిగుతారు. దిగేటప్పుడు అందరూ అడిగేది రెండే ప్రశ్నలు. అద్దె ఎంత? అడ్వాన్సు ఎంత? ఆ అడ్వాన్సు దేనికోసం, అందులోంచి ఓనరు ఏం పట్టుకోవచ్చు, ఏం పట్టుకోకూడదు అని అడిగేవాళ్లు తక్కువ. గొడవ మాత్రం అక్కడే మొదలయిద్ది, అదీ సామాను ఆటోకి ఎక్కించే రోజున.

ముందు ఒక మాట తేల్చుకుందాం. అడ్వాన్సు అద్దె కాదు, ఇల్లు ఇచ్చినందుకు బహుమానం అంతకన్నా కాదు. అది మీ డబ్బే. మీరు అద్దె ఎగ్గొట్టినా, కరెంటు బిల్లు కట్టకుండా పోయినా, ఇంట్లో ఏదన్నా పగలగొట్టినా ఓనరు నష్టపోకుండా ఆయన దగ్గర హామీగా ఉంచిన డబ్బు. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే మొత్తం వెనక్కి రావాలి. ఏదన్నా ఉంటే దానికి అయినంత వరకే పోవాలి.

అగ్రిమెంటు చేసే పని కూడా ఇదే. రేపు తగాదా రాగల మాటలన్నీ ఇవాళే కాయితం మీద పెట్టడం. అద్దె ఎంత, ఏ తేదీలోపు ఇవ్వాలి, ఎప్పుడు ఎంత పెరుగుద్ది, కరెంటు మీటరు విడిగా ఉందా లేక కింద వాటా వాళ్లతో కలిసిందా, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలి, అడ్వాన్సు ఎంత, ఎప్పటిలోగా తిరిగిస్తారు. ఇవి రాసుంటే చాలావరకు పని అయినట్టే. ముందుగా చెప్పాల్సిన గడువు రాసుకోకపోతే, నెలనెలా అద్దె ఇచ్చే ఇంటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల నోటీసు అంటది. మన ఊళ్లలో రాసే అగ్రిమెంట్లలో ఎక్కువగా నెల అని ఉంటది. రాసుకున్నదే చెల్లుద్ది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 11 నెలలకి రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని స్టాంపు పేపర్లు అమ్మే చోట కూడా చెప్తారు. దేశంలో చాలా రాష్ట్రాల్లో అది నిజమే. మన రాష్ట్రంలో మాత్రం 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, కాలంతో పని లేకుండా ఇళ్ల లీజు కాయితాలన్నీ రిజిస్టర్ చేయాల్సినవే అన్నారు. కాబట్టి వంద రూపాయల స్టాంపు మీద రాసి నోటరీ చేయించిన కాయితం రిజిస్టర్ అయిన దానంత బలంగా కోర్టులో నిలబడదు. అందులోని షరతుల్ని దాంతోనే రుజువు చేయడం కష్టం. అలాగని మీ అడ్వాన్సు పోయినట్టు కాదు. డబ్బు ఇచ్చారన్న సంగతి వేరే దారుల్లో రుజువు చేయొచ్చు. అందుకే అడ్వాన్సు చేతికి ఇవ్వొద్దు. ఫోన్‌పే లాంటి దాంట్లోనో బ్యాంకు నుంచో ఓనరు ఖాతాకే పంపండి, "ఇంటి అడ్వాన్సు" అని అక్కడే రాయండి. చేతికే ఇవ్వాల్సి వస్తే సంతకంతో రసీదు తీసుకోండి. ఆ ఒక్క ముక్క మీ స్టాంపు పేపరు కన్నా ఎక్కువ పనికొచ్చిద్ది.

ఇప్పుడు అసలు తగాదా దగ్గరకొద్దాం. ఒక లెక్క వేసి చూస్తే తేలిగ్గా అర్థమయిద్ది.

బాపట్లలో ముగ్గురు కుర్రాళ్లు జూన్‌లో ఒక పోర్షను తీసుకున్నారనుకుందాం. అద్దె 6,000, అడ్వాన్సు రెండు నెలలది 12,000. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలని రాసుకున్నారు. మే 10న చెప్పి, మే 31న తాళాలిచ్చారు. మే నెల అద్దె కట్టేశారు. ఓనరు ఇల్లంతా తిరిగి చూసి ఒక చీటీ రాశాడు. రంగులకి 4,500. ఆఖరు కరెంటు బిల్లు 780. పగిలిన వాష్ బేసిన్‌కి 1,800. అడుగున ఉబ్బిపోయిన బాత్‌రూం తలుపుకి 1,200. నెల ముందు చెప్పలేదని ఒక నెల అద్దె 6,000. మొత్తం 14,280. "అబ్బాయిలూ, మీకు నేనిచ్చేది ఏం లేదు, మీరే నాకు ఇంకా 2,280 ఇవ్వాలి" అన్నాడు. కుర్రాళ్ల నోట మాట లేదు.

ఒక్కోటి విడదీద్దాం. ముందు రంగులు. అదే ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్ ఏమంటదంటే, ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలాగే అప్పజెప్పాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకి అద్దెకున్నోళ్ల బాధ్యత లేదు. ఏడాది కాపురం చేస్తే గోడ రంగు వెలసిపోద్ది, స్విచ్చుల దగ్గర చేతి మరకలు పడతాయి. అది వాడకం. వచ్చే నెలలో ఇంకొకళ్లకి ఇవ్వడానికి వేయించే రంగు ఓనరు ఖర్చే. కానీ ఈ కుర్రాళ్లు ఒక గోడకి స్టిక్కర్లు అంటించి, పీకేటప్పుడు పైపూత పెచ్చులుగా ఊడగొట్టారు. అది అరుగుదల కాదు, పాడుచేయడం. ఆ ఒక్క గోడ బాగు చేయించడానికి 600 అయితే 600 ఇవ్వాలి. ఒక జాగ్రత్త ఉంది. కొన్ని అగ్రిమెంట్లలో "ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె పట్టుకోబడును" అని ముందే రాసుంటారు. ఒప్పుకుని సంతకం పెడితే తర్వాత కాదనడం కష్టం. ఆ లైను కోసం వెతికి, అది ఉంటే సంతకానికి ముందే మాట్లాడుకోండి. వీళ్ల కాయితంలో ఆ లైను లేదు.

కరెంటు బిల్లు 780 న్యాయమే, వాడింది వీళ్లే. తాళాలిచ్చే రోజున మీటరు రీడింగు ఫొటో తీసి ఓనరుకి పంపితే, తర్వాత వచ్చినోళ్ల యూనిట్లు మీ నెత్తిన పడవు.

వాష్ బేసిన్ బకెట్టు జారిపడి పగిలింది. అది పాడుచేయడమే, కాబట్టి ఇవ్వాల్సిందే. అయితే పగిలింది ఎనిమిదేళ్ల పాత బేసిను. కొత్తదాని ధర మొత్తం తీసుకుంటే పాతది పోయి కొత్తది ఓనరుకి ఉచితంగా వచ్చినట్టు. సగం, అంటే 900 ఇస్తామని అడగడం తప్పు కాదు.

తలుపు సంగతి వేరు. రోజూ నీళ్లు పడే చోట చెక్క తలుపు అడుగున ఉబ్బడం, ఉప్పునీళ్లకి కుళాయిలు తుప్పు పట్టడం ఎవరు కాపురమున్నా జరిగేదే. దీనికి పైసా రాదు. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మనిషి ఆపలేని ప్రకృతి దెబ్బకి కూడా అదే సెక్షన్ అద్దెకున్నోళ్లని వదిలేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అలాంటి గాలికి కిటికీ రెక్క ఊడిపోతే అది అడ్వాన్సులో పట్టుకునేది కాదు. తుఫాను వస్తందని తెలిసీ కిటికీలు బార్లా తెరిచి ఊరెళ్లిపోతే మాత్రం ఆ మాట చెల్లదు.

ఆఖరిది నోటీసు. మే 10న చెప్పారు కాబట్టి నెల జూన్ 10కి నిండుద్ది. తగ్గింది 10 రోజులు. రోజుకి 200 చొప్పున 2,000 అయిద్ది, 6,000 కాదు. పైగా ఓనరు జూన్ 5నే ఇంకొకళ్లని దింపితే ఆయనకి పోయింది అంతకన్నా తక్కువే. మాట తప్పినందుకు అడిగే పరిహారం సబబుగా ఉండాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెప్తది.

ఇప్పుడు కూడండి. 600, 780, 900, 2,000 కలిపితే 4,280. అడ్వాన్సు 12,000లో ఇది పోగా కుర్రాళ్లకి 7,720 రావాలి. ఇంకా 2,280 బాకీ అన్న చోట తిరిగి 7,720 వచ్చింది. తేడా పది వేలు.

ఈ లెక్కంతా ఒక్కదాని మీద ఆధారపడి ఉంది. దిగిన రోజున ఇల్లు ఎలా ఉందో రుజువు కావాలి. తలుపు ముందే ఉబ్బుందా, బేసిను ముందే బీటలిచ్చిందా అన్నది ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు, ఎవరి మాట వాళ్లదే. సామాను దించకముందే ఫోనుతో వీడియో తీయండి. గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు, స్విచ్చులు, తలుపుల అడుగు భాగం, కరెంటు మీటరు. ఆ వీడియో అదే రోజు ఓనరుకి వాట్సాప్ చేసి "అంకుల్, ఇల్లు ఇలా ఉంది, చూడండి" అని రాయండి. ఖాళీ చేసేనాడు ఇంకోసారి తీయండి. మంచి ఓనరుకి కూడా ఇది మేలే, నిజంగా పగలగొట్టినోళ్లు తప్పించుకోలేరు.

కొంతమంది అడ్వాన్సు వెనక్కి రాదన్న భయంతో ఆఖరి రెండు నెలలు అద్దె కట్టడం మానేసి "అడ్వాన్సులో పట్టుకోండి" అంటారు. ఓనరు ఒప్పుకుంటే ఇబ్బంది లేదు. ఒప్పుకోకపోతే అది అద్దె బాకీ అవుద్ది, తగాదాలో మీ చేయి కింద పడుద్ది. అడ్వాన్సు అద్దెలోకి పోతే పగిలినవాటికి హామీ ఉండదు కదా, ఆయన భయం ఆయనది.

అసలు అడ్వాన్సు ఎంత ఉండొచ్చు? కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలల అద్దె దాటొద్దంది. అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే కట్టుబడాలి. బేరమాడేటప్పుడు చూపించడానికి మాత్రం పనికొచ్చిద్ది.

అడిగినా ఇవ్వకపోతే ఏం చేయాలి? ముందు పైన వేసినట్టు లెక్క రాసి, ఫొటోలు పెట్టి, 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో పంపండి. ఉత్తరంలో తిట్లు వద్దు, అంకెలు చాలు. అప్పటికీ పలక్కపోతే కోర్టు దగ్గరుండే మండల న్యాయసేవల కమిటీకి అర్జీ ఇవ్వొచ్చు. కేసు వేయకముందే ఇద్దర్నీ పిలిపించి లోక్ అదాలత్‌లో కూర్చోబెడతారు, కోర్టు ఫీజు ఉండదు. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేసి అడగొచ్చు. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డుకి కోర్టు డిక్రీ విలువ ఉంటది. రాజీకి ఓనరు ఒప్పుకోకపోతే మిగిలింది సివిల్ దావా, దానికి మూడేళ్ల గడువుంది. ఏడెనిమిది వేల కోసం దావా దాకా వెళ్లడం ఇద్దరికీ నష్టమే, ఆ సంగతి ఓనరుకీ తెలుసు. అందుకే వీడియో, రసీదు, లెక్క మూడూ మీ దగ్గరుంటే చాలా తగాదాలు ఆ ఉత్తరం దగ్గరే తేలతాయి.